స్వరాలు రాసి లేని పాటను చెవితో పట్టుకోవడం ఎలా?

విజయవాడ సత్యనారాయణపురంలో మా కింది ఫ్లాట్‌లో ఏడో తరగతి చదివే అమ్మాయి ఉంది. తమ్ముడి పుట్టినరోజుకి కేకు కోసేటప్పుడు తనే హ్యాపీ బర్త్‌డే వాయించాలని ముచ్చటపడింది. బీసెంట్ రోడ్డులో కొన్న చిన్న కీబోర్డు చంకలో పెట్టుకుని పైకొచ్చి, "అంకుల్, నోట్స్ రాసివ్వండి" అంది. రాసివ్వడం రెండు నిమిషాల పని. కానీ అలా నేర్చుకుంటే ఆ కాగితం పోయిన రోజు పాట కూడా పోతుంది. "రాసివ్వను గానీ, కూర్చో, నువ్వే కనిపెడుదువు గాని" అన్నాను.

ఆ సాయంత్రం తనతో చేయించిన పనే ఇక్కడ మీతోనూ చేయిస్తాను. మీ దగ్గర ఒక కీబోర్డో హార్మోనియమో ఉంటే చాలు. ఫోన్‌లో పియానో యాప్ ఉన్నా సరిపోతుంది. స రి గ మ ప ద ని అనే వరస నోటికి వస్తే ఇంకా సులువు. పాట మాత్రం ఈ హ్యాపీ బర్త్‌డేనే తీసుకోండి. అందరికీ నోటికొచ్చిన పాట, నాలుగే పాదాలు, ఇరవై ఐదు స్వరాలు. పైగా కొత్తవాళ్లు ఎక్కడెక్కడ పడతారో అన్ని గుంటలూ ఇందులోనే ఉన్నాయి.

ముందు గొంతులోకి

కీబోర్డు ఆపేసి పక్కన పెట్టండి. పాటను మాటలు లేకుండా 'లా లా' అంటూ మొదటి నుంచి చివరిదాకా పాడండి. మాటలుంటే నోరు వాటి వెంట పరిగెడుతుంది, స్వరం ఎక్కడ మారిందో చెవికి తెలియదు. మూడో పాదంలో పేరు వచ్చే చోట 'డియర్ బాబూ' లాంటి రెండక్షరాల పేరే పెట్టుకోండి. మన ఇళ్లలో 'డియర్ వెంకట సాయి కార్తికేయా' అని పాడతారు కదా, అప్పుడు ఉన్న రెండు స్వరాల్లోనే తొమ్మిది అక్షరాలు ఇరికించాలి. ట్యూన్ పట్టుకునేటప్పుడు ఆ గోల వద్దు.

ట్యూన్ నిజంగా గొంతులోకి వచ్చిందో లేదో చూడ్డానికి ఒక పరీక్ష ఉంది. పాదం మధ్యలో టక్కున ఆపండి. పది సెకన్లు ఊరుకుని, ఆపిన చోటు నుంచే మళ్లీ ఎత్తుకోండి. తడబడకుండా వస్తే చేతికి వెళ్లొచ్చు. రాకపోతే ఇంకా వినాలి. గొంతులో లేని స్వరాన్ని వేళ్లు కనిపెట్టలేవు. మీరు పట్టాలనుకున్నది వేగంగా సాగే సినిమా పాటైతే యూట్యూబ్‌లో ప్లేబ్యాక్ స్పీడ్ తగ్గించి వినండి. వేగం తగ్గినా శ్రుతి మారదు.

మొదటి స్వరాన్ని వెతక్కండి, చివరిదాన్ని పట్టుకోండి

ఆ అమ్మాయి పైకి రాకముందే గంటసేపు కుస్తీ పట్టిందట. 'హ్యా' అనే మొదటి స్వరం కోసం మెట్లన్నీ నొక్కి చూసింది. ఒకటి దొరికినట్టే ఉండి, తర్వాతది పోయేది. దాదాపు అందరూ ఇలాగే మొదలుపెడతారు. పాట స తోనే మొదలవ్వాలన్న నియమం లేదు. అందుకే మొదటి స్వరం దొరికినా, మిగతావాటిని దేన్నుంచి కొలవాలో తెలియదు. ముందు కావలసింది స. అంటే పాట చివరికి వచ్చి నిలబడే స్వరం.

పాట మొత్తం పాడి, ఆఖరి 'యూ' దగ్గర ఆగి దాన్ని సాగదీయండి. అదే స అని నమ్మకం కుదరకపోతే మళ్లీ పాడి ఈసారి 'హ్యాపీ బర్త్‌డే టూ' దగ్గరే ఆపేయండి. గొంతు గాల్లో వేలాడుతున్నట్టుంటుంది, ఇంకొక్కటి అనేస్తే బాగుండు అనిపిస్తుంది. ఆ ఒక్కటీ అన్నాక గొంతు ఎక్కడికీ వెళ్లాలనుకోదు. ఆ చోటే స.

ఇక్కడొక మోసం ఉంది. మొదటి పాదం చివర కూడా 'యూ' వస్తుంది. దాన్ని స అనుకోకండి. అది స కి సరిగ్గా ఒక మెట్టు కింద ఉండే ని. అక్కడ ఆగితే కుర్చీలో కూర్చోబోయి మధ్యలో ఆగినట్టుంటుంది.

ఇప్పుడు కీబోర్డు తెరవండి. ఆఖరి 'యూ'ని 'మ్‌మ్' అని పట్టి ఉంచి, కీబోర్డు మధ్యలోంచి ఒక్కో మెట్టే నొక్కుకుంటూ వెళ్లండి. తెల్లవి, నల్లవి ఏదీ వదలొద్దు. మీ గొంతు మెట్టుకు కాస్త పక్కన ఉంటే రెండు ధ్వనులూ ఒకదాన్నొకటి తోసుకుంటూ 'వవవవ' అని అదురుతాయి. సరిగ్గా కలిసినప్పుడు ఆ అదురు ఆగిపోతుంది, మీ గొంతు కీబోర్డులోకి కలిసిపోయి వేరుగా వినబడదు. పైకి జరపాలో కిందకో తెలియకపోతే మెట్టును నొక్కి ఉంచి, గొంతును అంబులెన్స్ సైరన్‌లా మెల్లగా పైకీ కిందకీ జారుస్తూ చూడండి. మగవాళ్ల గొంతు చాలాసార్లు నొక్కిన మెట్టుకంటే ఒక స్థాయి, అంటే వరసలో ఏడు స్వరాలు, కింద కలుస్తుంది. దానివల్ల ఇబ్బందేమీ లేదు, స్వరం అదే.

ఆ అమ్మాయి 'మ్‌మ్' మొదట ఏ మెట్టుతోనూ కలవలేదు. జి కి కాస్త పైన, జి షార్ప్‌కి కింద ఊగులాడింది. తెల్ల మెట్లకు ఏ నుంచి జి దాకా ఏడు పేర్లు, షార్ప్ అంటే దాని కుడిపక్కనే ఉన్న నల్ల మెట్టు. రెండుసార్లు చూశాక నాకు వెలిగింది, మేం కూర్చున్నది ఫ్రిజ్ పక్కన. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఫ్రిజ్ మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు సెకనుకు 100 సార్లు అదురుతూ హమ్ చేస్తుంటాయి. కీబోర్డులో ఎడమవైపు జి 98 హెర్ట్జ్. అంటే ఫ్రిజ్ జి కంటే రవ్వంత పైన శ్రుతి వేస్తూ కూర్చుంటుంది. మనకు తెలియకుండానే గొంతు దాని వైపు లాగుతుంది. ఫ్రిజ్ ఆపి మళ్లీ పాడిస్తే 'యూ' నేరుగా ఎఫ్ మీద కలిసింది. హార్మోనియం వాళ్ల లెక్కలో అది నాలుగు శ్రుతి. మీకు వేరే మెట్టు దొరుకుతుంది, అదే మీ స. ఇక్కడి నుంచి ఉదాహరణలన్నీ ఎఫ్ లో చెబుతాను.

దొరికిన స ని ఒకసారి నిలదీయండి. దాని నుంచి పైకి, నల్లవి కూడా కలిపి, ఏడు మెట్లు లెక్కపెడితే ప వస్తుంది. ఎఫ్ అయితే ప సి మీద పడుతుంది. ఎడమ చేత్తో ఆ స, ప రెండూ కలిపి నొక్కి పట్టి, తంబూరా మీద పాడినట్టు పాటంతా పాడండి. ఆఖరి 'యూ' ఆ శ్రుతిలో హాయిగా ఒదిగితే స సరైనదే. మీరు పొరపాటున ప ని స అనుకుని ఉంటే పాట అంతా నడిచినట్టే ఉంటుంది గానీ చివరికి వచ్చేసరికి 'యూ' శ్రుతితో గొడవపడుతుంది. ఈ పరీక్షకు అర నిమిషం పడుతుంది. దీన్ని ఎగ్గొట్టినవాళ్లే తర్వాత అరగంట తలపట్టుకుంటారు.

సినిమా పాటలకు ఇక్కడ చిన్న మార్పు ఉంది. చాలా పాటలు చివర్లో అలా సన్నబడుతూ ఆగిపోతాయి, ఆఖరి స్వరం అంటూ ఉండదు. అప్పుడు పల్లవి తిరిగొచ్చి ముగిసే మాటను చూడండి. లేదా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పల్లవి ఎత్తుకునే చోట బేస్ గిటార్ ఏ స్వరం మీద పడుతోందో వినండి, ఎక్కువసార్లు అదే స. ఫోన్ స్పీకర్ మీద ప్రయత్నించి లాభం లేదు, బేస్ అందులో వినబడదు.

ఇప్పుడు మొదటి స్వరం

ఆఖరి 'యూ' పాడి, ఊపిరి తీసుకుని, వెంటనే 'హ్యా' అనండి. గొంతు పైకి వెళ్లిందా, కిందకా? కిందకి వెళ్లింది. ఎంత కిందకి? ఆ 'హ్యా' నుంచి మెల్లగా ఒక్కో స్వరం ఎక్కుతూ స దాకా రండి. హ్యా, తర్వాత ఒకటి, ఇంకొకటి, స. నాలుగు అడుగులు. స తో ముగిసే నాలుగు స్వరాలు ప ద ని స. కాబట్టి 'హ్యా' అన్నది కింది ప. ఎఫ్ లెక్కలో అది ఎఫ్ కి ఎడమవైపు ఉన్న సి.

నిజమేనా అని పాటనే అడగొచ్చు. మొదటి పాదంలో 'డే' నుంచి 'టు'కి ఒక గెంతు ఉంది. అది ప నుంచి స కి. సి నొక్కి ఎఫ్ నొక్కండి, 'డే టు' అని వినబడుతుంది.

స తోనే మొదలయ్యే పాట ఎలా ఉంటుందో చూడాలంటే మన జాతీయ గీతం పాడుకోండి. 'జన'లో జ స మీద, న రి మీద ఉంటాయి. 'గణ' దగ్గర గ మీదకు చేరి 'నాయక' దాకా అక్కడే కూర్చుంటుంది. 'జయ' రి గ, 'హే' మ. ఒకటి స తో, ఒకటి కింది ప తో మొదలైనా రెండింటికీ కొలబద్ద ఒక్కటే. ఆ గీతానికి 1919లో మదనపల్లె కాలేజీలో, ఐర్లండ్ నుంచి వచ్చిన మార్గరెట్ కజిన్స్ స్వరం రాసిపెట్టారు. ఆమె కూడా ఠాగూర్ పాడింది విని పట్టుకున్నదే.

మెట్ల వరస

స నుంచి పైకి రెండు, రెండు, ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి. ఇన్నేసి మెట్లు జరుగుతూ వెళ్తే శంకరాభరణం రాగం స్వరాలు వస్తాయి. ఎఫ్ నుంచి అయితే ఎఫ్, జి, ఏ, ఏ షార్ప్, సి, డి, ఈ, మళ్లీ ఎఫ్. నల్ల మెట్టు ఒక్కటే, మ దగ్గర. మన పాటకు ఈ వరస సరిపోతుంది. వేరే పాటకు సరిపోకపోతే ముందు గ ని అనుమానించండి. పాటలో దిగులు వినబడుతుంటే గ ని ఒక మెట్టు దించి చూడండి. చాలావరకు అక్కడే తేలుతుంది.

పాదం పాదంగా

మొదటి పాదానికి ముందు స్వరాల పేర్లు వద్దు, కదలిక చాలు. 'హ్యా'కీ 'పీ'కీ తేడా లేదు, సమం. 'బర్త్' కాస్త పైకి. 'డే' మళ్లీ కిందకు, బయలుదేరిన చోటికే. 'టు' పెద్ద గెంతు పైకి. 'యూ' కొంచెం కిందకు. దీన్ని వేలితో గాల్లో గీస్తూ పాడండి. గీత సరిగ్గా వచ్చాక మెట్లు వాటంతటవే దొరుకుతాయి. ప ప ద ప స ని. ఎఫ్ లో సి సి డి సి ఎఫ్ ఈ.

రెండో పాదాన్ని కొత్తగా వెతక్కండి. మొదటిదాంతో పోల్చి ఏం మారిందో మాత్రం చూడండి. మొదటి నాలుగూ అవే. చివరి రెండూ ఒక్కో స్వరం పైకి జరిగాయి. ప ప ద ప రి స. మెట్లు సి సి డి సి జి ఎఫ్. పాట రెండో పాదం చివరే స మీదకు వచ్చేసిందని గమనించండి, దీనితో తర్వాత పనుంది.

మూడో పాదంలో 'హ్యాపీ' మామూలుగానే కింది ప మీద ఉండి, 'బర్త్' దగ్గర ఒక్కసారిగా పైకి లేస్తుంది. గొంతు పీలగా అయ్యేది, పిల్లలు కావాలని అరిచేది ఇక్కడే. ఎంత పైకి లేచిందో కనిపెట్టాలంటే 'పీ', 'బర్త్' రెండూ పక్కపక్కన అనండి. రెండూ ఒకే స్వరంలా, ఒకటి సన్నగా ఒకటి బరువుగా వినబడతాయి. అంటే అదీ ప యే, పై స్థాయి ప. అక్కడి నుంచి దిగడం ప గ స ని ద. మొదటి మూడూ ఒక్కో స్వరం వదిలేస్తూ దిగుతాయి, తర్వాత వరసగా. మెట్లు సి సి, పై సి, ఏ ఎఫ్ ఈ డి. 'బాబూ' పడేది చివరి రెండు మీద.

నాలుగో పాదం దగ్గర ఆ అమ్మాయి ఆగిపోయింది, మీరూ ఆగుతారు. 'బాబూ'లో చివరి ద నుంచి మళ్లీ 'హ్యాపీ'కి గొంతు చాలా పైకి లేస్తుంది. ఎంత దూరమో చెవికి అందదు. పక్క స్వరం నుంచి కొలిస్తే ఎవరికీ తొందరగా అందదు కూడా. ఆ ద ని మర్చిపోండి. ఆఖరి 'యూ' పాడి స ని గుర్తు చేసుకుని, దాన్నుంచి మెట్లెక్కండి. స, రి, గ, మ. నాలుగోది 'హ్యా'తో కలుస్తుంది. పెద్ద గెంతు వచ్చినప్పుడల్లా ఇలా స దాకా వెళ్లి అక్కడి నుంచి కొలవండి. అన్నింటికంటే ముందు స ని పట్టుకున్నది ఇందుకే.

మ అని తేలింది కదా అని ఆ అమ్మాయి ధీమాగా నొక్కింది. పక్కనున్న తెల్ల మెట్టు, బి. 'హ్యాపీ' అని వినబడాల్సిన చోట ఏదో వంకరగా వచ్చింది. తను తెల్ల మెట్ల మీదే చేయి నడుపుతోంది, ఎఫ్ జి ఏ తర్వాత బి అనుకుంది. "తప్పు కదా అంకుల్" అంది తనే. తప్పే. వరసలో మ కి గ తర్వాత ఒకే మెట్టు జరగాలి, అంటే నల్ల ఏ షార్ప్. బి మీద పడితే అది ప్రతి మధ్యమం, అంటే ఒక మెట్టు పైనుండే మ అవుతుంది, శంకరాభరణం కాస్తా కల్యాణి రాగంలోకి దారి తప్పుతుంది. అది నొక్కి, దీన్ని నొక్కి, పదిసార్లు వినిపించాను. ఈ ఒక్క మెట్టు తేడా చెవిలో నాటుకుంటే పెద్ద పాటల్లోనూ పనికొస్తుంది. చెవికి ఒక స్వరం వంకరగా తగిలితే ఎక్కువసార్లు తప్పు ఒక్క మెట్టుదే. పైదో కిందదో నొక్కి చూడండి, పాదం మొత్తం మార్చేయకండి.

నాలుగో పాదం మ మ గ స రి స. మెట్లు ఏ షార్ప్ రెండుసార్లు, ఏ, ఎఫ్, జి, ఎఫ్.

తాళానికి మూడేసి దెబ్బలు. చప్పట్లలో మొదటి దెబ్బ 'హ్యా' మీద కాదు, 'బర్త్' మీద పడుతుంది. 'హ్యాపీ' దానికి ముందు చిన్న ఎత్తుగడ. మొదటి దెబ్బ 'హ్యా' మీద వేస్తే పాట కుంటుతుంది.

కీబోర్డు మీద ఇంతవరకే వస్తుంది. గమకం బాగా ఉన్న కీర్తనను ఇలా పట్టబోతే ఊగే స్వరం ఏ మెట్టుకూ చిక్కదు. ఊగుడు వెంట పడకుండా, గొంతు ఎక్కడి నుంచి బయలుదేరి ఎక్కడ ఆగుతోందో ఆ రెండు చోట్లూ పట్టుకోండి. మధ్యది గొంతుతోనో వయొలిన్‌తోనో నేర్చుకోవలసిందే.

వేరే శ్రుతిలో ఎత్తుకుంటే

మీరు ఇంట్లో ఎఫ్ లో నేర్చుకుని వెళ్తారు. కేకు ముందు ఎవరో పెద్దాయన తనకు తోచిన శ్రుతిలో ఎత్తుకుంటాడు, అందరూ అందుకుంటారు. అందుకే మెట్ల పేర్లు కాకుండా స రి గ మ పేర్లతోనే పాట గుర్తుపెట్టుకోండి. అదే పాటను జి నుంచి, డి నుంచి కూడా రెండు రోజులు వాయించి చూడండి. ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే కీబోర్డే శ్రుతి మార్చేస్తుంది, పని తేలికే గానీ చెవికి ఏమీ మిగలదు, ఇప్పుడే వద్దు.

పుట్టినరోజు నాడు అదే జరిగింది. కొవ్వొత్తి వెలిగించగానే వాళ్ల మామయ్య ఎఫ్ కంటే పైన ఎత్తుకున్నాడు. అమ్మాయి నా వైపు చూసింది. వాయించొద్దని సైగ చేశాను. రెండో పాదం చివరి 'యూ' స కదా, అక్కడిదాకా ఆగి, ఆ 'యూ'ని నోట్లో పట్టుకుని మెల్లగా ఒక మెట్టు తడిమింది. జి. ఇక స జి అయితే కింది ప డి. ఈసారి నల్ల మెట్టు మ దగ్గర లేదు, ని దగ్గరకు పోయింది, ఎఫ్ షార్ప్. మూడో పాదం డి డి, పై డి, బి జి అని మొదలుపెట్టి, 'బా' దగ్గర వేలు ఒక్క క్షణం తెల్ల ఎఫ్ మీద ఆడించి, నల్లదాని మీద వేసింది.